చేపలు గీసినాయన పేరు

పెయింటరు బాబాయి ముప్ఫై ఏళ్ళుగా రాసిన ప్రతి బోర్డుకీ కింద కుడిమూల తన పేరు చిన్నగా వేసుకునేవాడు. పిల్లల పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కు గోడ మీద మాత్రం వేసుకోలేదు. కవిగారు వేసుకోనివ్వలేదు.

“గోడ మీద వద్దు బాబాయ్. మనది కొత్త కంపెనీ, పద్ధతిగా కనపడాలి. పనయ్యాక డాక్టరమ్మకి మెయిలు రాస్తాగా, అందులో నీ పేరు పెడతా.”

బాబాయి సరేనని కుంచె కడిగేసుకున్నాడు.

కవిగారంటే కవి కాదు. చదువు మధ్యలో వదిలేసి, దొరికిన పుస్తకమల్లా నమిలేసి, లోకమంతా తనకు బాకీ ఉన్నట్టు మొహం పెట్టుకుని తిరిగే కుర్రాడు. ఆ పేరు పెట్టింది బాబాయే. బాబాయి కూడా వరసకు బాబాయి కాదు, కవిగారి నాన్నకు స్నేహితుడు. ప్రింటు బోర్డులొచ్చి చేతిరాత పని ఆగిపోయాక, గీతలు కొట్టుకునే సుద్ద అద్దిన దారం, చేతికి ఆసరాగా పెట్టుకునే కర్ర మూటగట్టి అటక మీద పడేశాడు. కవిగారే వెళ్ళి దింపించాడు. సైకిలు షాపు పైన ఒక గది, ఒక కంప్యూటరు, వీళ్ళిద్దరూ. మాటలు కవిగారివి, బొమ్మలు బాబాయివి.

క్లినిక్కు వాళ్ళ మొదటి పని. తలుపు దగ్గర మొదలైన చేపల వరస గోడ వెంట ఈదుకుంటూ కుర్చీ దాకా వెళ్ళాలి. పిల్లలు చేపలను తడుముకుంటూ, తాము ఎక్కడికి పోతున్నారో మరిచిపోయి నడవాలి. నడిచారు. పని అప్పజెప్పిన రెండు వారాలకు డాక్టరమ్మ తనే ఫోన్ చేసి, తలుపు దగ్గర ఏడుపులు తగ్గాయని చెప్పింది.

మెయిలు రాయడానికి అదే అదననుకున్నాడు కవిగారు. ఆమె అన్న మాటనే మొదట పెట్టి, మమ్మల్ని నమ్మినందుకు ధన్యవాదాలని రాశాడు. ఫొటోలు మూడు జతచేశాడు. చివర, ‘పిల్లలు వచ్చే చోట్లు నడిపేవాళ్ళు మీకు తెలిసి ఉండి, ఇలాంటి పని అవసరమనిపిస్తే, ఈ మెయిలు వారికి పంపితే చాలు. వీలుకాకపోయినా పర్వాలేదు, మీ మెప్పే మాకు పెద్దది’ అని ముగించాడు. ఎవరినీ ఇరుకున పెట్టకుండా అడిగానని తనకే ముచ్చటేసింది.

మధ్యలో ఒక వాక్యం ఉంది. చేపలు గీసింది ఫలానా పెయింటరని, పేరుతో సహా. దాన్ని నాలుగుసార్లు చదివాడు. ఈ మెయిలు చేతులు మారుతుంది. చదివినవాళ్ళు నేరుగా బాబాయినే పిలిస్తే? తన మాటలతో వాళ్ళకేం పని? వాక్యం చెరిపేసి ‘మా బృందం’ అని పెట్టి, పంపేశాడు.

డాక్టరమ్మ దాన్ని ఉన్నదున్నట్టు తన స్నేహితురాలికి పంపింది. ఆవిడ లైబ్రరీ నడుపుతుంది. పిల్లల గదికి బొమ్మలు కావాలని వారంలోనే కబురొచ్చింది. బాబాయి పొంగిపోయి కొత్త కుంచెలు కొన్నాడు. మెయిల్లో ఏం రాశావని అడగలేదు. అడిగి ఉంటే అబద్ధమాడేవాడినని కవిగారికి తెలుసు. ఆ వారం బాబాయి మొహంలోకి సూటిగా చూడలేకపోయాడు.

ఇంతలో క్లినిక్కులో ఒక చిన్న చేప తోక పిల్లల చేతులకు అరిగిపోతే, సరిచేయడానికి బాబాయి వెళ్ళాడు. కవిగారి మెయిలంటే డాక్టరమ్మకు ముచ్చట. అప్పటికే దాన్ని ప్రింటు తీసి, వచ్చినవాళ్ళు కూర్చునే చోట గోడకు అంటించింది.

సాయంత్రం ఆవిడే కవిగారికి ఫోన్ చేసింది. మీ పెయింటరుగారు ఆ కాగితం కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారని, తర్వాత తోక సరిచేసి వెళ్ళారని చెప్పింది. చివర, “నేనడిగితే చెప్పారు, ఆ చేపలన్నీ ఆయనే వేశారటగా? మీరు చెప్పనేలేదేం?” అంది.

కవిగారు ఫోన్ పెట్టగానే కూర్చుని డాక్టరమ్మకూ, లైబ్రరీ ఆవిడకూ మళ్ళీ రాశాడు. చేపలు గీసింది ఎవరో పేరుతో రాశాడు, బాబాయి ఫోన్ నంబరు ఇచ్చాడు, మొదటి మెయిల్లో ఆ పేరు తీసేసింది తానేనని కూడా రాశాడు. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ ఒక్క వాక్యానికి గంట పట్టింది.

మర్నాడు పొద్దున్నే దాని ప్రింటు పట్టుకుని బాబాయి ఇంటికి వెళ్ళాడు. బాబాయి వరండాలో కూర్చుని కొత్త కుంచెలను కాగితంలో చుడుతున్నాడు. తప్పయిపోయింది బాబాయ్ అన్నాడు కవిగారు. బాబాయి కాగితం అందుకుని ఆసాంతం చదివాడు. బాగా రాశావన్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. లైబ్రరీ గోడ ఎప్పుడు మొదలుపెడదామని కవిగారు మెల్లగా అడిగాడు.

బాబాయి కుంచెల మూటకు దారం కట్టి, ముడి బిగించి చెప్పాడు.

“నేను రాను నాన్నా. బొమ్మలేసేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళకి నీ పేరు చెబుతాలే.”