సిరంజిలో పట్టని జవాబు

వనపర్తిలో ఒక నర్సింగ్ స్కూలు టీచరు అమృతమ్మ. మోతాదు లెక్కకు వచ్చిన జవాబును సిరంజిలో నీళ్లతో నింపించి చూసేది. అది తప్పిన పిల్లకు వార్డులో సూది వేసే పని ఇచ్చేది కాదు.

ఆ రోజు లెక్క: 0.25 గ్రాముల మందు ఇవ్వాలి. సీసాలోని ఐదు మిల్లీలీటర్లలో 500 మిల్లీగ్రాముల మందుంది. గద్వాల నేతగాళ్ల బిడ్డ జమ్ములమ్మ ఇరవై ఐదు మిల్లీలీటర్లని రాసింది.

"నింపు బిడ్డా."

జమ్ములమ్మ ఐదు మిల్లీలీటర్ల సిరంజి ఒకటి నీళ్లతో నింపి ఆగింది. "సీసల అయిదే ఉన్నది సిస్టర్. ఇరవై అయిదు యాడికెల్లి తేవాలె?"

"నన్నడుగుతవేంది? సూది మనిషికా, బర్రెకా?"

జమ్ములమ్మ నవ్వుతూనే లెక్క మళ్లీ చూసుకుంది. గ్రాములను మిల్లీగ్రాములు చేసేటప్పుడు చుక్క ఒక స్థానం ఎక్కువ జరిపి 2500 రాసింది. దాన్ని 250 చేసి, సిరంజిలో రెండున్నర తీసి చూపింది.

"గిప్పుడు సరే. పో, వార్డుల ఎదురుచూస్తుండ్రు," అంది అమృతమ్మ.