పెట్టె అడుగున అంటించిన కాగితం

డిగ్రీ రెండో ఏడు వేసవి సెలవుల్లో అరకులో ఒక నెట్ సెంటరులో పనిచేశాను. దాని యజమాని విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. అతని భార్య పై కొండల్లోని ఒక ఊరి పిల్ల, నాకు వదిన. ముందుగదిలో ఆరు కంప్యూటర్లు, వెనక వాళ్ల కాపురం. అన్న చెయ్యి ఎప్పుడు లేస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. తలుపు చప్పుడును బట్టి వదిన తన చంటిపిల్లను వంటింట్లోకి తీసుకుపోయేది.

అప్పటికి నేను కళాశాల వాదపోటీల్లో రెండు కప్పులు గెలిచి ఉన్నాను. ప్రశ్నించని మనిషి మనిషే కాడని నమ్మేవాణ్ణి. ఆ ఇంట్లో జరిగేదాన్ని మాత్రం ప్రశ్నించలేదు. ప్రశ్నించడానికి నాకు దొరికింది ఒక రౌటరు.

ఇళ్లల్లో వాడే చిన్న రౌటరు అది. ఆరు కంప్యూటర్లకూ ఇంటర్నెట్టు పంచేది. సంత రోజున ఒకడు పాటలు దించుకుంటుంటే మిగతా అయిదుగురూ తెల్లటి తెర చూస్తూ కూర్చునేవారు. ఎవరికెంత వేగం ఇవ్వాలో నిర్ణయించే సదుపాయం కంపెనీ వేసిన సాఫ్ట్‌వేరులో లేదు. బయటివాళ్లు స్వచ్ఛందంగా రాసి ఉచితంగా ఇచ్చే ఫర్మ్‌వేరులో, అంటే రౌటరును లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేరులో, ఉంది. దాన్ని ఎక్కించుకునే పద్ధతి చర్చించే వేదిక ఒకటి నెట్‌లో చదివాను. అక్కడ ఎవరో ఒక హెచ్చరిక రాశారు: ఈ మోడలులోనే కొత్తగా వచ్చిన రౌటరు పెట్టెల్లో, కరెంటు రాగానే అన్నిటికంటే ముందు మేలుకునే బూట్‌లోడరు అనే చిన్న ప్రోగ్రాము కంపెనీ డిజిటల్ సంతకాన్ని సరిచూస్తుంది, ఆ సంతకం లేని దేన్నీ నడవనివ్వదు, ముందు పెట్టె తిరగేసి అడుగున కాగితం మీద వెర్షను చూసుకోండి.

చదివాను. పెట్టె తిరగేయలేదు. కొన్న వస్తువు మీద కొన్నవాడికి గాక ఇంకెవరికి హక్కని అన్నతో అరగంట వాదించాను. హెచ్చరిక సంగతి చెప్పలేదు. చెబితే నా వాదం బలహీనపడేది.

"పాడయిపోతే?" అన్నాడు అన్న.

"పాడవదన్నా. మోడలు సరిపోయింది."

"సరే కానీ. బేగి సెయ్."

మధ్యాహ్నం మూడింటికి రౌటరు పేజీ తెరిచి ఫైలు ఇచ్చాను. కిక్కురుమనకుండా తీసుకుంది. ఒప్పుకుంది కాబట్టి అనుమతి ఉన్నట్టే అనుకున్నాను. ఆ పేజీ చూసేది ఫైలు నెత్తిన ఉన్న మోడలు పేరునేనని, సంతకం చూసేవాడు లోపల వేరే ఉన్నాడని అప్పుడు నాకు తట్టలేదు. కరెంటు తీయవద్దన్న హెచ్చరికతో తెర మీద గీత నిండుతూ వచ్చింది.

అప్పుడే గాలికొండ వైపు ఉరిమింది. వెనకగదిలోంచి వదిన పరుగెత్తుకొచ్చి గోడకున్న ప్లగ్గులన్నీ వరసగా పీకేసింది. క్రితం ఏడు పిడుగుకు మోడెమూ రెండు కంప్యూటర్లూ కాలిపోయినప్పటి నుంచి ఆ ఇంట్లో అదే చట్టం. మొదటి ఉరుముకే ప్లగ్గులు ఊడాలి.

వాన వెలిసాక మళ్లీ పెట్టాం. రౌటరు కరెంటు దీపం ఆగి ఆగి మిణుకుతోంది. ఏ కంప్యూటరుకూ నెట్టు లేదు. మరోసారి ఆపి వేశాను. అదే మిణుకు.

"సచ్చిపోనాదా?" అన్నాడు అన్న. నేను జవాబు కూడబలుక్కునేలోగా వదిన వైపు తిరిగాడు. "ఏటే, ఏటి సేసినావే?"

"ఉరుమింది మావా. ఉరిమితే పీకీమని నువ్వే కదా సెప్పినావు."

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది ఎక్కడ పడిందో చూడలేదు. జుట్టు పట్టి ఈడ్చి బల్ల కేసి కొట్టాడు. కంప్యూటరు డబ్బా రేకు అంచు తగిలి కనుబొమ పైన చీరుకుపోయింది. కీబోర్డు మీదికి నెత్తురు కారింది. కింద పడ్డాక కాలితో తన్నాడు. నేను అతని నడుం పట్టుకుని వెనక్కి లాగితే మోచేత్తో నా పెదవి పగలగొట్టాడు. వంటింట్లో పిల్ల ఆగకుండా ఏడుస్తోంది.

"సాయంత్రానికి ఇది ఎలగాలి," అన్నాడు రొప్పుతూ. "ఎలగలేదా, పిల్లనిక్కడ వదిలీసి మీ కొండకి ఎలిపో. మళ్లీ ఈ గుమ్మం తొక్కకు."

వదిన కొంగుతో కనుబొమ అదుముకుని నా వైపు చూసింది. "తమ్ముడూ, బాగవద్దా?"

"అవుద్ది వదినా," అన్నాను. హెచ్చరిక నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ప్లగ్గు వల్ల కూడా పోయి ఉండవచ్చు కదా అని నాకు నేనే ఒక వాదం కట్టుకున్నాను.

అప్పుడు పెట్టె తిరగేశాను. అడుగున కాగితం మీద, ఆ వేదికలో వద్దన్న వెర్షనే ఉంది.

బూట్‌లోడరు మాత్రం చెరగలేదు. మనం ఎక్కించే ఫైలు దాని జోలికి పోని వేరే భాగంలో పడుతుంది. నడపదగినది ఏదీ దొరకనప్పుడు, కేబులు గుండా ఎవరైనా ఫైలు పంపుతారేమోనని అది కాచుకుని ఉంటుంది. ఆ మిణుకు దానికే గుర్తు. రౌటరును ఆపినప్పుడల్లా కంప్యూటరు కేబులు తెగిందనుకుని తికమకపడుతుంది కనుక మధ్యలో స్విచ్చు, అంటే కేబుళ్లను కలిపే డబ్బా, పెట్టాను. కంప్యూటరుకు నెట్‌వర్కు అడ్రసు అంకెలు చేత్తో ఇచ్చాను. ముందుగా బయటి ఫర్మ్‌వేరునే మళ్లీ పంపాను. తప్పు ప్లగ్గుదయితే ఈసారి నడవాలి. ఫైలు ఆఖరు దాకా వెళ్లింది. ఉరుము లేదు, కరెంటు పోలేదు. తెర మీద ఒక్క వరస వచ్చింది: సంతకం సరిపోలేదు, నిరాకరించడమైనది.

వదిన ప్లగ్గు పీకకపోయినా ఆ పెట్టె లేచేది కాదు.

మోడెము కేబులును నేరుగా ఒక కంప్యూటరుకు పెట్టి నెట్టు తెచ్చుకున్నాను. కంపెనీ సైటులోంచి అసలు ఫైలు దించుకుని అదే దారిన పంపాను. ఈసారి నిరాకరణ రాలేదు. నాలుగు నిమిషాల తరువాత దీపం నిలకడగా వెలిగింది. వెలుతురు ఇంకా ఉంది.

అన్న వచ్చి చూశాడు. "అదీ! బాగుపడింది కదా. నువ్వు లోపలికి పోయి టీ ఎట్టు," అన్నాడు వదినతో.

"అన్నా, తప్పు వదినది కాదు," అన్నాను. హెచ్చరిక చదివిన సంగతి, పెట్టె తిరగేయని సంగతి, ఇప్పుడు చేసిన పరీక్ష, అన్నీ వరసగా చెప్పాను. నా జీవితంలో అంత సూటిగా ఏ వేదిక మీదా మాట్లాడలేదు.

గూబ మీద కొట్టాడు. గోడకు తగిలి కింద కూర్చున్నాను. "కాలేజీ గుంటడివి, నాకు సెప్తావేట్రా!" కడుపులో తన్నబోతుంటే వదిన మధ్యకు వచ్చింది.

"మావా, ఆపు. ఆడు నిజం సెప్పినాడని కొడతన్నావు. నేను నువ్వు సెప్పింది సేసినానని కొట్టినావు."

"బాగయింది కదే! ఉండమనే అంటన్నాను కదా!"

"పెట్టె బాగయింది కాబట్టి ఉండమంటన్నావు. బాగవకపోతే?"

ఆమె పిల్లను చంకనెత్తుకుని, ఒక సంచి పట్టుకుని బయటికి వచ్చింది. అన్న గుమ్మానికి అడ్డం నిలిచాడు. సంత నుంచి తిరిగి వెళ్తున్న ఆమె ఊరివాళ్లు రోడ్డు మీద జీపు ఎక్కుతూ ఆమె మొహం మీది నెత్తురు చూసి దిగారు. ఇద్దరి చేతుల్లో కత్తులున్నాయి. వాళ్లు గుమ్మం దాకా వచ్చారు. అన్న పక్కకు తప్పుకున్నాడు.

నేను వెనకే వెళ్లాను. "వదినా, క్షమించు."

ఆమె జీపు మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. "నన్ను కింద పడేసి తన్నినప్పుడు నా తప్పు కాదని నీకు తెలుసు కదేటి, తమ్ముడూ?"

"సగం తెలుసు."

"ఆ సగమైనా సెప్పకపోయావా?" అంది. పిల్ల తల మీద కొంగు కప్పి లోపల చోటు చేసుకుని కూర్చుంది.

జీపు కదిలింది. పగిలిన పెదవి మండుతుంటే రోడ్డు మీదే నిలబడ్డాను. లోపలి నుంచి అన్న నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాడు, ఒక కంప్యూటరుకు నెట్టు రావడం లేదట.