రంగు వేసిన చెంచా

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో నాది తనిఖీ ఉద్యోగం. కాగితంలో ఒక్క చుక్క తప్పు పడినా బ్యాచ్ మొత్తం ఆపేస్తాను. అక్కడ అందరూ నన్ను తిట్టుకుంటారు. ఆ తిట్లంటే నాకు లోలోపల గర్వం.

మూడో నెలలో మా పాపకు తల్లిపాలు చాలక డాక్టరమ్మ పాలపొడి పట్టమంది. అప్పుడే మెషీన్ ట్రయల్ కోసం జర్మనీ వెళ్లిన మా బావమరిది అక్కడి పొడి పట్టుకొచ్చాడు. బ్యాగులో చోటు చాలలేదని అట్టపెట్టె అక్కడే పారేసి, లోపలి రేకు సంచులూ కొలత చెంచా మాత్రం తెచ్చాడు. పారేసే ముందు పెట్టె మీది కలిపే పద్ధతిని ఫొటో తీసి, యాప్‌తో తెలుగు చేశాడట.

"మొత్తం తెలుగుల ఉంది బావా, ఇంకేం పరేషాన్ లేదు" అన్నాడు.

మరిగించిన నీళ్లు డెబ్బై డిగ్రీలకు చల్లారాక, తొంభై మిల్లీలీటర్లకు 'మూడు రంగు వేసిన చెంచాల' పొడి కలపాలని ఉంది. వచ్చిన చెంచా తెల్లది. ఇంట్లో రంగున్నది బలం పొడి డబ్బాలో దొరికిన ఎర్ర చెంచా ఒక్కటే.

"గిదే అయ్యుంటది బిడ్డా. ఫారినోళ్లు ఊకెనే రాస్తరా?" అంది అత్తమ్మ.

నేను 'రంగు వేసిన' తీసేసి 'ఎర్ర' అని సరిదిద్ది, నీటుగా టైపు చేసి, 'తనిఖీ చేసినవారు' అన్నచోట సంతకం పెట్టి ఫ్రిజ్‌కు అంటించాను. థర్మామీటరు కూడా కొన్నాను. నీళ్ల వేడి నేను చూసేదాకా అత్తమ్మ పొడి ముట్టుకోకూడదు.

మూడో రోజుకు పాప మూత్రం పోయడం తగ్గింది. నోరు ఎండిపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఆ కాగితం, చెంచా పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తాం.

డాక్టరమ్మ యాప్ తెలుగు అంటించని అసలు ఫొటో అడిగింది. అందులో తెలుగు అక్షరాల కింద ఇన్నాళ్లూ దాగిన బొమ్మ ఉంది: నిండిన చెంచా మీద చాకుతో గీసి, పైపొడి తీసేస్తున్న చెయ్యి.

"తలగొట్టిన చెంచా, అంటే అంచుకు సమం చేసినది అని అర్థం. రంగు కాదు. మీ ఎర్ర చెంచాలో రెండింతలు పడుతుంది. పొడి ఎక్కువ, నీళ్లు తక్కువ అయ్యి పిల్ల ఎండిపోయింది."

జర్మన్‌లో ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయని బావమరిది తర్వాత కనుక్కుని చెప్పాడు. రెండు రోజులు సెలైన్ ఎక్కించాక పాప తేరుకుంది.

ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ విటమిన్ చుక్కల మందు రాసి, ఎర్ర చెంచా కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఈ సంతకం ఎవరిది?"

"నాది మేడమ్."

"ఏం చేస్తారు మీరు?"

నా భార్య చెప్పింది: "తప్పులు పట్టే పని మేడమ్, పిల్లల చుక్కల మందు కంపెనీల."

డాక్టరమ్మ కంపెనీ పేరు అడిగింది. చెప్పాను. అప్పుడే రాసిన మందు కొట్టేసి, ఇంకో కంపెనీది రాసిచ్చింది.