లావణ్య నమ్మని గీత

లావణ్యకు అనుమానం తల్లిపాలతో వచ్చింది. తల్లి ఆండాలు బేగంబజార్‌లో కందిపప్పు కొంటే, పక్క దుకాణంలో మళ్లీ తూకం వేయించాకే సంచి మూతి కట్టేది. కూతురు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, చాంద్రాయణగుట్టలో సాయికృష్ణ నడిపే చిన్న ఏసీ డిజైన్ ఆఫీసులో చేరినా ఆ బుద్ధి పోలేదు. ఎవరు లెక్క ఇచ్చినా మళ్లీ మొదటి నుంచి వేసేది. ఆఫీసులో వెనక నవ్వుకునేవారు. నవ్వితే నవ్వుకోనీ, తప్పు లెక్క మీద తన సంతకం మాత్రం ఉండదని ఆమె పంతం.

రెండువేల ఎనిమిదిలో జల్‌పల్లిలో డాక్టర్ విజయలక్ష్మి కాన్పుల ఆసుపత్రి కట్టిస్తోంది. వార్డులనూ ఆపరేషన్ గదినీ చల్లబరిచేటప్పుడు వచ్చే వేడిని మామూలు ఏసీల్లా బయటి గాలిలోకి వదలకుండా, బోర్లలో దింపిన గొట్టాల ద్వారా భూమిలోని బండకు ఇచ్చేయాలని ఆవిడ ఆలోచన. ఎన్ని బోర్లు కావాలో, మొత్తం ఎన్ని మీటర్లు తవ్వాలో తేల్చడం లావణ్య పని. తక్కువ తవ్వితే బండ ఏటేటా వేడెక్కి, నాలుగైదేళ్లకు నిండు వేసవిలో ఆపరేషన్ గది చల్లబడడం మానేస్తుంది. అక్కడ పడుకునేది నొప్పులు పడే ఆడవాళ్లు. ఆ మాట లావణ్యకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది.

బండ వేడిని ఎంత త్వరగా లాక్కుంటుందో తెలుసుకోవడానికి ముందుగా ఒక్క బోరు, వంద మీటర్లు, తవ్వించారు. అందులో గొట్టం దింపి, జనరేటర్ పెట్టి, ఒకే మోతాదులో వేడిచేసిన నీటిని రెండు రోజులు ఆపకుండా తిప్పారు. గొట్టంలో నీటి వేడి గంట గంటకూ ఎంత పెరుగుతుందో రాసి, కాలాన్ని లాగరిథమ్‌లో వేసి గ్రాఫు గీస్తే, మొదటి కొన్ని గంటలు పోను, గీత తిన్నగా పైకి పోవాలి. వాలు ఎంత తక్కువైతే బండ అంత బాగా వేడిని మోస్తున్నట్టు.

మొదటిరోజు లావణ్య అక్కడే ఉంది. రెండోరోజు జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంటే సాయికృష్ణే కూర్చున్నాడు. తీరా గ్రాఫు చూస్తే, మొదటిరోజు గీత చక్కగా ఎక్కింది, రెండోరోజు వంగిపోయి దాదాపు పడకేసింది. మొత్తం కలిపి లెక్క కడితే బండ వాహకత, అంటే వేడిని మోసే గుణం, నాలుగున్నర దాటింది. మొదటిరోజుది మాత్రమే తీసుకుంటే మూడు కూడా లేదు. ఈ ఊరి నల్లబండకు మూడే సబబు.

"బండ బాగుందమ్మా. ఇరవై ఎనిమిది బోర్లతో సరిపోతుంది, డాక్టరు గారికి చెప్పేశాను కూడా" అన్నాడు సాయికృష్ణ.

"సార్, ఒక్క రాత్రిల బండ మారుతదా?" అంది లావణ్య.

"మిషన్ చెప్పింది కదా. సంతకం పెట్టు, రేపే పంపించాలి."

ఆ తొందర లావణ్యకు నచ్చలేదు. తను లేని రోజే గీత ఎందుకు వంగింది? తక్కువ బోర్లు చెప్పి పని దక్కించుకోవాలని ఈయనే అంకెలు సర్దాడా? భీమవరం నుంచి వచ్చి, తనకు పని నేర్పిన మనిషి. నమ్మడానికి మనసొప్పలేదు, నమ్మకుండా ఉండడానికీ ఒప్పలేదు. ఆయన ముఖం చూసినప్పుడల్లా దొంగను చూసినట్టే అనిపించింది. సంతకం పెట్టలేదు. తలనొప్పి అని చెప్పి, తిన్నగా జల్‌పల్లి బస్సెక్కింది.

ఆసుపత్రి గోడ పక్కనే పెంటయ్య బర్రెల కొట్టం. తాతల నాటి నుంచి పాల వ్యాపారం వాళ్లది. లావణ్య వెళ్లేసరికి అతని బోరు ధారగా పోస్తోంది. కింద బర్రె లేదు, తొట్టి లేదు. నీళ్లు ఊరికే మోరీలోకి పోతున్నాయి. ఎండాకాలంలో జల్‌పల్లిలో నీళ్లిలా పారబోసేవాడు ఉంటాడా? పెంటయ్య ధార కింద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఏంది బాపు, నీళ్లన్నీ మోరీల పోతున్నయ్?"

"నువ్వు గా ఆసుపత్రోల్ల పిల్లవే గదా? మీరు భూమిల వేడి పోస్తున్నరంట. నా నీళ్లు కాగుతున్నయో లేవో చూస్తున్న. మీరు మిషన్ పెట్టిన రెండోనాడు పొద్దుగాల సంది, కరెంటున్నంతసేపు బోరు బంద్ చెయ్యలే."

లావణ్య గోడ అవతల ఉన్న తమ పరీక్ష బోరు వైపు చూసింది. ఇతని బోరు నీళ్లు లాగుతుంటే, బండ పగుళ్లలోంచి నీరు తమ గొట్టం పక్కగా కదిలి వేడిని మోసుకుపోయింది. గీత వంగింది అందుకే. సాయికృష్ణ అంకెలు సర్దలేదు, ఉన్నది ఉన్నట్టే రాశాడు. ఆమెకు సిగ్గేసింది.

వారం పది రోజులు బండను చల్లబడనిచ్చి మళ్లీ పరీక్ష చేయాలి. అప్పుడు రెండు రోజులు ఇతని బోరు ఆగాలి.

"రెండు రోజులు బోరు బంద్ పెట్టు బాపు. బర్రెలకు ట్యాంకర్ తెప్పిస్త."

"పెడ్త. ముందుగాల ఒకటి చెప్పు. నా నీళ్లు వేడెక్కుతయా, లేదా?"

ఏం కాదు అంటే పని అయిపోతుంది. ఆసుపత్రి కట్టేవాళ్లంతా ఇతనికి అదే చెప్పి ఉంటారు. కానీ ఏడాదికి ఎంత వేడి కిందికి పోతుందో ఆ లెక్క ఆమె దగ్గరుంది. చల్లటి దేశాల్లో వేసవిలో బండకు ఇచ్చిన వేడిని చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి వెనక్కి తీసుకుంటారు. ఇక్కడ ఇవ్వడమే గాని తీసుకోవడం లేదు. ఆసుపత్రిలో స్నానాల నీళ్లు కాచడానికి వాడుకునేది పిసరంత. మిగిలిందంతా ఏటా కిందే పోగవుతుంది.

నిజం చెబితే ఇతను బోరు ఆపడు, పరీక్ష జరగదు, ఇరవై ఎనిమిదే ఖాయమవుతుంది. అయినా చెప్పేసింది.

"ఇప్పుడైతే గాదు. గిట్లనే కడితే పదేండ్లల్ల రెండు డిగ్రీలైనా వేడెక్కుతయ్ బాపు."

పెంటయ్య ధార కింద నుంచి చెయ్యి తీశాడు. తర్వాత వెళ్లి స్టార్టర్ కట్టేశాడు.

"వేడెక్కకుండ జెయ్యి. లేదంటే మస్తు లొల్లయితది" అన్నాడు.

పెంటయ్య బోరు సంగతి విని సాయికృష్ణ కాగితం పంపడం ఆపి, మళ్లీ పరీక్ష పెట్టించాడు. రెండో పరీక్షలో గీత తిన్నగా వచ్చింది. వాహకత రెండు పాయింట్ తొమ్మిది. ఏటేటా పోగయ్యే వేడితో సహా లెక్కిస్తే నలభై బోర్లు తేలాయి. లావణ్య అక్కడితో ఆగలేదు. చలికాలపు రాత్రుల్లో ఊరి గాలి బండకన్నా చల్లగా ఉంటుంది. ఆ రాత్రుల్లో గొట్టాల నీటిని ఫ్యాన్ల కింద తిప్పి, ఏడాదంతా పోగైన వేడిని గాలికి వదిలేస్తే, బండ ఏటా మళ్లీ మొదటికి వస్తుంది. అప్పుడు ముప్పై బోర్లు చాలు, పెంటయ్య నీళ్లూ చల్లగానే ఉంటాయి.

డాక్టర్ విజయలక్ష్మి కాగితం చూసి కళ్లజోడు తీసింది. "మొదట ఇరవై ఎనిమిది అన్నారు. ఇప్పుడు ముప్పై, పైగా ఫ్యాన్లు. ఈ రెండు బోర్ల కోసమేనా నెలరోజులు ఆపారు? నాతో ఆడుకుంటున్నారా?"

లావణ్య నోరు తెరిచేలోగా సాయికృష్ణ అందుకున్నాడు. "మొదటి లెక్క నా తప్పండి. తొందరపడ్డాను. అలాగే కట్టి ఉంటే నాలుగైదేళ్లకు మీ ఆపరేషన్ గది ఉక్కపోసేది. ఈ అమ్మాయి సంతకం పెట్టనంది కాబట్టి బయటపడ్డాం."

బయటికొచ్చాక లావణ్య ఆగలేకపోయింది. "సార్, మీరే అంకెలు సర్దిన్రని అనుకున్న. తప్పయింది."

"తెలుసమ్మా. ఆ రోజు నా వైపు ఎలా చూశావో నాకు కనబడదా?" అన్నాడు. గొంతులో నొప్పి దాచుకోలేదు. "నన్ను అడగాల్సింది."

ఆయన బస్‌స్టాపు వైపు ముందు నడిచాడు. ఎవరి లెక్కనైనా మళ్లీ వేసి చూడొచ్చు, మనిషిని మాత్రం ఒక్కసారి అడిగి ఉండాల్సిందని లావణ్యకు ఏడుపొచ్చింది.