వంగని సలాం

మా ముత్తాత దేశ్‌ముఖ్. చుట్టుపక్కల ఊళ్ల శిస్తు ఆయన చేతి మీదుగానే పోయేది. తాతగారి కాలంలో కూడా జనం అర్జీలు పట్టుకొని మా అరుగు కింద నిలబడేవాళ్లు. నా వంతు వచ్చేసరికి నేను నారాయణఖేడ్‌లో సర్కారు రైతుల దగ్గర వసూలు చేసే లెవీ జొన్నల గోదాంలో తూకందారును. ఇనుప గుండ్లు కాటాలోకి ఎత్తడం, దించడం నా పని.

ఒకరోజు గుండు ఎత్తుతుంటే నడుములో ఏదో కలుక్కుమంది. ఎడమ కాలు పాదం దాకా మంటెత్తింది. దగ్గితే ప్రాణం పోయినట్టుండేది. మిషన్ దవాఖానా డాక్టరు, ఎముకల మధ్య మెత్తటి డిస్కు జారి నరాన్ని నొక్కుతోందన్నాడు. కొన్ని వారాలు బరువెత్తొద్దు, వంగొద్దన్నాడు. మూత్రం ఆగిపోతే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా రమ్మన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నీళ్లు తాగాలన్నా భయం వేసేది.

అంతకంటే పెద్ద భయం మేనేజరు. మోకాలు వాచిందని చెప్పుకున్న ఒక హమాలీ స్థానంలో మర్నాడే కొత్తవాడు నిలబడ్డాడు. చెబితే పని పోతుంది. చెప్పకపోతే కాలు పోతుంది. నా భార్య మాత్రం "రాయుండ్రి, నోటితో చెప్తే మీరు కోపంగ చెప్తరు" అంది.

సర్కారు భాష ఉర్దూలో అర్జీ రాశాను. నడుము కుదుటపడేదాకా కాటా పని తప్పించి, వంగకుండా చేసే పని ఏదైనా తాత్కాలికంగా ఇప్పించమని కోరాను. డాక్టరు చీటీ జతచేశాను. ఎన్నిసార్లు చదువుకున్నా నన్ను తీసేయమని నేనే అడుగుతున్నట్టుండేది.

మేనేజరు గదిలో అర్జీ ఇచ్చేవాడు ముందు నడుము వంచి సలాం చేయాలి. నేను చెయ్యి మాత్రమే నుదుటికి ఎత్తాను. మేనేజరు కాగితం ముట్టుకోలేదు.

"వంగనీకె రాదా? ఇంకా గా దేశ్‌ముఖ్‌నే అనుకుంటున్నవా?"

చీటీ చదవమని చెబుదామనుకున్నాను. కాని నా స్థానంలో కొత్తవాడు కాటా దగ్గర నిలబడినట్టే కనిపించింది. వంగాను. వంగినవాణ్ని లేవలేకపోయాను. కళ్లు చీకట్లు కమ్మాయి. తలుపు దగ్గరున్న ముసలి హమాలీ పరుగున వచ్చి చంకల కింద పట్టుకున్నాడు.

"సాబ్, దొరకు కాలు పడ్తలేదు. నేను రోజూ చూస్తున్న. గా కాయితం జర సదువుండ్రి."

మేనేజరు చదివాడు. మడిచి బల్ల మీద పెట్టాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

"దర్వాజ కాడ నిలబడి బండ్లోళ్ల చిట్టీలు తీస్కో. సగం జీతం. వానలు పడేదాంక చూస్త. గప్పటికి గుండు లేపకపోతే ఇంట్ల ఉండు."

వానలు పడ్డాయి. కాలిలో మంట తగ్గింది గాని పాదం తిమ్మిరి పోలేదు. గుండు మోకాలి ఎత్తు దాకా లేపి వదిలేశాను. మేనేజరు మాట మీద నిలబడ్డాడు.

ఆ చలికాలంలో బోరంచ ఊరి దారిలో, తాతల భూమిలో మాకు మిగిలిన ఒక్క మెట్ట చెలక కూడా అమ్మేశాం.