నీలి దీపానికీ హారన్‌కూ మధ్య

ఒక మనిషిలో లేనిదాన్ని కొలిచి, లేదని రాసి ఇచ్చాం. అది అతనికి మేలు చేయడమా, కీడు చేయడమా? ఉద్యోగం నుంచి రిటైరై తొమ్మిదేళ్లయినా ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అప్పట్లో నేను కర్నూలులోని ఒక ఆసుపత్రిలో, నరాల విభాగంలో టెక్నీషియన్‌ని. రోగుల తలకూ వేళ్లకూ తీగలు అంటించి, తెర మీద నడిచే గీతలు చూడటం నా పని. అక్కడికి లేవి వచ్చాడు, భార్య కృపమణితో. బేతంచెర్ల దగ్గర సున్నపురాయి గనిలో పేలుళ్లు చేసే మనిషి. నలభై మూడేళ్లుంటాయి. మళ్లీ ఆ పనిలోకి తీసుకోవాలంటే డాక్టరు కాగితం తెమ్మని గనివాళ్లు పంపారు.

మాట్లాడితే గొంతు బొంగురు. పుట్టినప్పటి నుంచీ అంతేనట.

"అరిసినా మేకపిల్ల తుమ్మినట్టుంటాదన్నా," అంది కృపమణి. "పెండ్లిలో ప్రమాణం చెప్తే పాస్టరుకే ఇనపడలే. మూడుసార్లు చెప్పించె."

"నువ్వు ఒక్కసారి చెప్తే ఊరంతా ఇనిరి కదా, సాల్లే," అన్నాడు లేవి.

డాక్టర్ హర్షిణి అతని కనురెప్పల అంచుల్ని చాలాసేపు చూశారు. ఆవగింజల వరుసలా చిన్న చిన్న పొక్కులు. అమ్మానాన్నలది మేనరికమా అని అడిగారు. అవునన్నాడు. తలకు స్కాన్ రాశారు. స్కాన్‌లో రెండు తెల్లటి మచ్చలు కనిపించాయి, ఎడమ ఒకటి, కుడి ఒకటి. కణతల లోపల, బాదంగింజంత ఉండి భయాన్ని పుట్టించే అమిగ్డలాలో సున్నం పేరుకుంది. పక్కనే జ్ఞాపకాలను చూసుకునే భాగం మాత్రం బాగానే ఉంది. చాలా అరుదైన జబ్బు, వంశంలో వస్తుంది. తలలో ఆ సున్నం చిన్నప్పటి నుంచే మెల్లగా పేరుకుని ఉండవచ్చు.

అతని బతుకు అక్కడినుంచి వెనక్కి చదువుకుంటే అర్థమవుతుంది. పదేళ్లప్పుడు రాళ్లకుప్పలోంచి పామును తోక పట్టి లాగాడు. పదిహేనేళ్లకు గని అంచున కాళ్లు వేలాడేసుకుని అన్నం తినేవాడు. దేవుడు తోడున్న బిడ్డ అని వాళ్ల ఊరి చర్చిలో సాక్ష్యం చెప్పారు. గనిలో పెద్ద మేస్త్రీ శాంతయ్య అతన్ని ఏరి మరీ పేలుడు పనిలో పెట్టాడు. లైసెన్సు వచ్చింది. ఇరవై ఏళ్లు చేశాడు.

గనిలో వాళ్లకొక అలవాటుంది. రంధ్రాల్లో మందు దట్టించి వత్తి వెలిగించాక అందరూ బండల చాటున కూర్చుని పేలుళ్లు లెక్కపెడతారు. ఒకటి తక్కువ వస్తే అరగంట ఆగాలి. ఆ తర్వాత పేల్చే మనిషి ఒక్కడే వెళ్లి చూడాలి. నియమం అది. కానీ గడియారం ఎవరూ చూడరు. పేల్చే మనిషిని చూస్తారు. అతని మెడ బిగుసుకుని ఉంటే, అడుగు తడబడితే, ఇంకా కాలేదని అర్థం. అతను తేలికగా నడిస్తే లేచి వెనకాల నడుస్తారు. భయపడే మనిషి ఒంటి మీదే వాళ్లు కాలం చూసుకుంటారు.

లేవి మా దగ్గరికి రావడానికి ఎనిమిది నెలల ముందు పదకొండు రంధ్రాలకు పది పేలాయి. అయిదు నిమిషాలకే లేవి లేచాడు. బజారుకు పోతున్నట్టు నడిచాడు. కృపమణి తమ్ముడు ఏసుకుమార్ అతన్ని చూసి లేచి వెనకే వెళ్లాడు. ఎక్కడో దెబ్బతిన్న వత్తి లోపల మెల్లగా కాలుతూనే ఉంది. లేవి ఒక బండ వెనక వంగి వత్తి ముక్క తీస్తుండగా పదకొండోది పేలింది. లేవికి వీపు గీరుకుంది. ఏసుకుమార్ అక్కడే పోయాడు.

"ఏడ్చినా సార్," అన్నాడు లేవి నాతో. "నాకు ఏడుపు రాదనుకుంటాండారు. మూడు దినాలు ఏడ్చినా."

నేను నమ్మాను. అతనిలో లేనిది దుఃఖం కాదు.

ఆ రోజు చేసిన పరీక్ష చాలా సాదా. ఎడమచేతి రెండు వేళ్లకు తీగలు అంటించాను. అరచేతికి చెమట పడితే, కంటికి కనపడకపోయినా, గీత లేస్తుంది. ఎదురుగా నీలి దీపం వెలుగుతుంది. కొన్ని క్షణాలకు చెవులు పగిలేలా హారన్ మోగుతుంది. మొదటి రెండు మూడు సార్ల తర్వాత ఎవరికైనా దీపం వెలిగితేనే చెమట పడుతుంది, గుండె లయ మారుతుంది. హారన్ రాకముందే ఒళ్లు సిద్ధమైపోతుంది.

లేవికి హారన్ మోగినప్పుడు గీత బాగా లేచింది. ఉలిక్కిపడ్డాడు కూడా. దీపం వెలిగినప్పుడు మాత్రం గీత నేలమీద తాడులా పడి ఉంది. పదిసార్లు చేశాను. పదిసార్లూ అంతే.

"దీపం వెలిగితే ఏమవుతుంది లేవీ?" అని అడిగాను.

"ఏమయితాది, హారన్ కొడ్తాది. రెండోసారికే తెలిసిపాయె సార్."

తెలుసు. చేతికి మాత్రం తెలియదు.

తర్వాత ముఖాల ఫొటోలు చూపించాను. నవ్వు చెప్పాడు, కోపం చెప్పాడు, ఏడుపు చెప్పాడు. భయపడిన ఆడమనిషి ఫొటో దగ్గర ఆగిపోయాడు.

"ఈయమ్మ ఏందో అడగబోతాండాది."

రెండో ఫొటోకూ అదే మాట. కృపమణి ఫొటో వైపు వంగి చూసింది. "ఆ పొద్దు మా ఏసు మొగం యెట్లుండె?" అని అడిగింది మొగుణ్ణి.

లేవి ఆలోచించాడు. "కండ్లు పెద్దవి చేసినాడు. నన్నేందో అడుగుతాడేమో అనుకుంటి."

కృపమణి కొంగుతో ఫొటో అంచు తుడిచి నాకిచ్చింది.

మధ్యాహ్నం శాంతయ్య డాక్టరుకు ఫోన్ చేశాడు. పరీక్ష సంగతి లేవి అప్పటికే చెప్పినట్టున్నాడు. హారన్‌కు గీత లేచింది కదా, అరచేతిలో చెమట పడుతోంది కదా, బాగున్నట్టే రాయండి మేడం అన్నాడు. డాక్టర్ హర్షిణి గీతల కాగితాన్ని నా ముందుకు జరిపి, మీరేమంటారని అడిగారు. లేచింది హారన్ తర్వాత అని, దీపానికీ హారన్‌కూ మధ్య ఏమీ లేదని పెన్సిల్‌తో చూపించాను. అంతకుమించి నేను చేసిందేమీ లేదు. అదే సరిపోయింది.

లేవి తన వాదన చెప్పుకున్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. "భయం రాదంటే రాకపోనీ మేడం. లెక్క తెల్సు కదా నాకు. అరగంటంటే అరగంట. వాచీ పెట్టుకుంటా. అది గంట కొట్టేదాకా లేయను. ఆ పని తప్ప నాకు శాతనయ్యేది ఏముండాది?" చేయి చాపి కొత్త వాచీ చూపించాడు.

డాక్టరు ఆ వాచీ వైపు చూశారు. నిజంగానే వాచీ చూసుకుని నడిచేవాడేమో.

"నువ్వు వాచీ చూస్తావు," అంది కృపమణి. గొంతు పెంచలేదు. "ఆడుండేవాళ్లు నిన్ను చూస్తారు."

డాక్టర్ హర్షిణి కాగితం దగ్గరికి లాక్కుని రాశారు. పేలుడు పనికి తగడు, వేరే పని ఇవ్వవచ్చు.

లేవి ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదివాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. నా ముఖంలోనూ లేదేమో. ముప్పై ఒక్క ఏళ్లు గీతలు చూసినవాడిని. వేరే పని అంటే ఏ ఏ పనులు అడగవచ్చో డాక్టరు చెబుతూనే ఉన్నారు. మాట సగంలో ఉండగా అతను కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని లేచాడు. నా వైపు చూడలేదు, డాక్టరు వైపూ చూడలేదు. పోయొస్తా అనలేదు. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. కృపమణి సంచీ, స్కాన్ కవరూ ఎత్తుకుని వెనకాల పరుగెత్తింది.

కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. లేవి గేటు దాటి, అదే నడకతో రోడ్డు మీదికి దిగాడు. డోన్ బస్సు వస్తోంది. అతను చూశాడు, చూసి నడిచాడు. బస్సు హారన్ కొట్టింది. అప్పుడు ఆగాడు.

కృపమణి అతన్ని అందుకుంది. బస్సు వెళ్లాక చూస్తే రోడ్డు మీద ఇద్దరూ లేరు, అందులోనే ఎక్కిపోయినట్టున్నారు.