ఆగయ్య అడ్వాన్సు అర్జీ

ఆగయ్య గుర్తొస్తే నాకు ముందు నా మీదే కోపం వస్తుంది. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే, ఆయన తన బిడ్డ ముందు అట్లా నిలబడాల్సి వచ్చేది కాదు.

పందొమ్మిది వందల డెబ్బై ఆరో సంవత్సరం. కార్వాన్‌లోని రేకు డబ్బాల కార్ఖానాలో నేను గుమాస్తాను. ఉస్మాన్‌గంజ్ నూనె వ్యాపారుల డబ్బాలన్నీ మా దగ్గర తయారయ్యేవి. ఆగయ్య ఆ డబ్బాల అతుకులకు టంకం వేసేవాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసు. చేతుల నిండా కాలిన మచ్చలు. కోతలు పోను నెలకు రెండు వందల ఇరవై రూపాయలు చేతికి వచ్చేవి. సంతకం తప్ప చదువు లేదు.

వాళ్ల గల్లీలో మాత్రం ఆయన పెద్దమనిషి. చావైనా పెండ్లైనా ముందుండేవాడు. చందా అడిగితే లేదనడం ఆయనకు చేతకాదు. లేదంటే పరువు పోతుందని భయం. ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో ఆయన భార్య కృష్ణమ్మకే ఎరుక. ఇట్లాంటి మగవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. కానీ ఆగయ్య ఎదురుపడి "మంచిగున్నవా సాబ్" అంటే ఆ మంట చల్లారిపోయేది.

ఆయన కూతురు కళావతి ఇంటర్ ఫస్టు క్లాసులో పాసైంది. ఆడపిల్లల కాలేజీలో బి.ఎస్సీ. సీటు వచ్చింది. ఫీజు రెండు వందల అరవై, జులై పదిహేనులోగా కట్టాలి. లేకపోతే సీటు వెయిటింగులో ఉన్న వేరే అమ్మాయికి పోతుంది. సర్కారు స్కాలర్‌షిప్పు వస్తుంది, కానీ ఏ ఫిబ్రవరిలోనో వస్తుంది. ముందు కట్టాల్సిందే.

దసరా అడ్వాన్సు కాక ఇంకో అడ్వాన్సు కావాలంటే మా కంపెనీలో మూడే కారణాలు చెల్లేవి: జబ్బు, చావు, పిల్లల చదువు. చదువుకైతే నెలలోపు ఫీజు రసీదు తెచ్చి ఇవ్వాలి. తీసుకున్న పైకాన్ని పది నెలల్లో జీతంలోంచి కోస్తారు. అర్జీ ముందు నా దగ్గరికి వస్తుంది. పాత ఫైలు తీసి, వెనకటి అడ్వాన్సుల వివరం చీటీ మీద రాసి, సూపరింటెండెంటు వెంకటనారాయణ గారి ముందు పెట్టాలి. ఆయన సిఫారసు చేస్తే మేనేజరు సంతకం పెడతాడు.

పదమూడో తారీకు మధ్యాహ్నం ఆగయ్య బిడ్డను వెంటబెట్టుకుని వచ్చాడు. కాలేజీ ఇచ్చిన సీటు కార్డుతో పిల్లను తీసుకురమ్మని మేమే చెప్పాము.

"ఈసారి మా బిడ్డనే రాసింది సాబ్. అక్షరాలు సూడు, అచ్చు కొట్టినట్టుంటయి" అన్నాడు, నాకు కాగితం ఇస్తూ.

నిజంగానే ముచ్చటైన దస్తూరి. 'గౌరవనీయులైన మేనేజరు గారికి, టంకం శాఖ కార్మికుడు ఆగయ్య వ్రాసుకున్న మనవి. నా కుమార్తె కళావతి కాలేజీ ఫీజు నిమిత్తం రెండు వందల అరవై రూపాయలు అడ్వాన్సుగా ఇప్పించ ప్రార్థన. సదరు పైకమును ఆగస్టు జీతము మొదలు నెలకు ఇరవై చొప్పున పదమూడు నెలలు కోసుకొనుటకు సమ్మతించుచున్నాను.' పదమూడు నెలలు మా రూలుకు సరిపోదు. నేను చెప్పగానే ఆ పిల్ల కొట్టేసి, నెలకు ఇరవై ఆరు, పది నెలలు అని దిద్దింది. తండ్రి పక్కన నిలబడి ఆ కలం వంకే చూస్తున్నాడు.

నేను ఫైలు తీశాను. పైనే ఉంది, నిరుడు జులై అర్జీ. అది రాసిపెట్టింది నేనే. కూతురి ఇంటర్ రెండో సంవత్సరం ఫీజు, నూట యాభై రూపాయలు. కోతలన్నీ ముగిశాయి. రసీదు మాత్రం లేదు. అడిగి తీసుకోవాల్సింది నేనే, మరిచిపోయాను. ఆ తప్పు నా మీదికి రాకూడదని, వెంకటనారాయణ గారు వినేటట్టే అన్నాను:

"ఆగయ్యా, పోయిన సంవత్సరం ఫీజు రసీదు నువ్వు ఇయ్యనే లేదు."

కళావతి తండ్రి వంక చూసింది. నిరుడు ఆమె చదివింది సర్కారు కాలేజీలో. ఫీజు మాఫీ. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది గానీ, ఆమెకు ఆ క్షణంలోనే అంతా తెలిసిపోయి ఉంటుంది.

"ఏమ్మా, కట్టారా లేదా?" అని వెంకటనారాయణ గారు అడిగారు.

"కట్టినం సార్" అంది కళావతి. "రసీదు నేనే పోగొట్టిన. బాపు తప్పేం లేదు."

వెంకటనారాయణ గారికి కాగితం పోగొట్టేవాళ్లంటే పడదు. మొదలుపెట్టారు. డిగ్రీకి పోయే పిల్లవు, ఒక్క రసీదు దాచలేవా? తండ్రి నిప్పుల ముందు కూర్చుని సంపాదిస్తుంటే నీకు బాధ్యత లేదా? ఇట్లాంటి అజాగ్రత్త మనిషికి చదువెందుకు, అడ్వాన్సెందుకు? కార్మికులు ఇద్దరు ముగ్గురు కిటికీ దగ్గర ఆగి విన్నారు. ఆ పిల్ల తల వంచుకుని "తప్పయింది సార్, తప్పయింది సార్" అంటూనే ఉంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా మాట మార్చలేదు.

ఆగయ్య బల్ల అంచు పట్టుకున్నాడు.

"దాన్ని అనకు సాబ్. రసీదు పోలే. నేను ఫీజు కట్టనే లే."

"మరి పైసలేం చేశావు?" అన్నారు వెంకటనారాయణ గారు.

"బోనాలప్పుడు అమ్మవారికి ప్రసాదం తీస్కపోయే ఫలారం బండి మా ఇంటి వంతు వచ్చింది. గల్లీ అంతా నా దిక్కే సూసింది. లేదనలేకపోయిన. దసరా అడ్వాన్సు అప్పటికే వాడుకున్న. బిడ్డ పేరు చెప్పి తీసుకున్న. ఇంట్ల చెప్పలే."

ఆ బండి నేనూ చూశాను. పూలు, లైట్లు, ముందు డప్పులు, తలపాగా చుట్టుకుని ఆగయ్య. వాళ్లింట్లో ప్రసాదం కూడా తిన్నాను.

వెంకటనారాయణ గారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. అబద్ధపు అర్జీకి చార్జిషీటు ఇవ్వవచ్చు. ఆయన ఇవ్వలేదు. కంపెనీకి రావలసింది వచ్చేసింది గనుక పాతదాన్ని తిరగదోడనన్నారు. కొత్త అడ్వాన్సుకు మాత్రం ఒక షరతు పెట్టారు. చెక్కు కాలేజీ పేరు మీదే రాస్తారు, పిల్ల తీసుకుపోయి కట్టాలి. ఆ మాట అర్జీలోనే ఉండాలి, కార్మికుడే కోరుకున్నట్టు.

"ఎట్ల రాయాల్నో చెప్పుండ్రి సార్" అంది కళావతి.

ఆయన చెప్పారు. ఆమె కలం తీసుకుని, కాగితం మీద పెట్టి, ఆగిపోయింది. రాయకపోతే సీటు పోతుంది. రాస్తే తండ్రిని గురించి ఆ మాట తన చేత్తోనే రాయాలి.

నేను రాస్తానని కాగితం కోసం చెయ్యి చాచాను. అంతకంటే చేయగలిగిందేమీ లేకపోయింది నాకు. ఆగయ్య నా చెయ్యి పక్కకు జరిపాడు.

"నువ్వే రాయి బిడ్డా" అన్నాడు. "నిజమే గదా."

ఆమె రాసింది. 'సదరు పైకమును నా చేతికి ఇవ్వవద్దని మనవి.' అక్షరాలు అచ్చు కొట్టినట్టే ఉన్నాయి. ఆగయ్య వంగి దాని కింద తన పేరు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని పెట్టాడు.